పలకరింపులో ‘గైస్’ గురించి

అందరికీ నమస్కారం. ఆదివారం మీటింగ్ మెసేజ్‌ని నేను ‘హాయ్ గైస్’ అని మొదలుపెట్టాను. ఒక అక్క విడిగా మెసేజ్ పెట్టి, “ఇది మగవాళ్ళకేనా, మేమూ రావాలా?” అని అడిగారు. తప్పు నాదే, క్షమించండి.

1605లో లండన్ పార్లమెంటును పేల్చబోయి దొరికిన గై ఫాక్స్ పేరు ముందు అతని దిష్టిబొమ్మలకు, ఆ తర్వాత మగవాళ్ళకు మాటగా మారింది. ఇప్పుడది అందరికీ వర్తిస్తుందంటారు. కానీ “గ్రూపులో గైస్ ఎంతమంది?” అని అడిగితే మగవాళ్ళనే లెక్కపెడతాం కదా!

తెలుగులో ‘మీరు’, ‘వాళ్ళు’ ఆడామగా అందరికీ సరిపోతాయి. పలకరింపు కూడా అలాగే ఉండాలి. ‘అందరికీ’, ‘ఫ్రెండ్స్’, ‘మిత్రులారా’ అందాం. ‘బ్రదర్స్’, ‘అన్నలూ’ కూడా వద్దు. పొరపాటున ‘గైస్’ అని పడితే మెసేజ్ ఎడిట్ చేసేయండి, చాలు.