గేటు తెరుచుకోనప్పుడు ఏం జరగాలి? పౌర విమానయాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి, గౌరవనీయులు శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారములు.

2024 సెప్టెంబరులో మీరు విశాఖపట్నం నుంచి, విశాఖతో కలిపి తొమ్మిది విమానాశ్రయాల్లో డిజియాత్రను ప్రారంభించారు. హైదరాబాద్, విజయవాడల్లో అది అంతకు ముందే వచ్చింది. ముఖం చూపించి లోపలికి వెళ్లే ఈ పద్ధతి సాఫీగా సాగినప్పుడు ఎంత సుఖంగా ఉంటుందో నేను స్వయంగా అనుభవించాను కనుక దానిని వద్దనడానికి ఈ లేఖ రాయడం లేదు. గేటు తెరుచుకోని రోజున ప్రయాణికుడి పరిస్థితి ఏమిటన్నది ఎవరూ చెప్పడం లేదు. నా విన్నపం దాని గురించే.

మా అమ్మగారి ప్రయాణంలో జరిగినది చెబుతాను. ఆమెకు 68 ఏళ్లు. యాప్‌లో పేరు నమోదు చేసుకోవాలంటే ముందు ఫోన్ నంబరు ఇచ్చి, డిజీలాకర్ ద్వారా ఆధార్ వివరాలు తెప్పించుకుని, సెల్ఫీ తీసుకోవాలి. ఆధార్‌కు జతచేసిన నంబరు వేరే ఊళ్లో ఉన్న మా తమ్ముడిది. ఓటీపీ అతని ఫోన్‌కు వెళ్లింది, అతను చదివి చెప్పేలోపు గడువు తీరింది. మళ్లీ ప్రయత్నించి అది దాటాక సెల్ఫీ దగ్గర ఆగిపోయాం. ఆధార్‌లోని ఫోటో పన్నెండేళ్ల క్రితంది, అప్పటికి ఆమెకు కళ్లజోడు లేదు. కళ్లజోడు తీసి, కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి మూడోసారి తీస్తే ఒప్పుకుంది. ఇక మిగిలింది బోర్డింగ్ పాస్ జోడించి, దానిని బయలుదేరే విమానాశ్రయానికి పంపడం. పేర్లు సరిపోలడం లేదన్న సందేశం అక్కడ వచ్చింది.

ఇది తెలుగువారికి ప్రత్యేకంగా తగిలే చిక్కు కాబట్టి కొంచెం వివరిస్తాను. మన ఆధార్ కార్డుల్లో ఇంటిపేరు చాలాసార్లు ఒక్క అక్షరంగా ముందుంటుంది, టికెట్‌లో మాత్రం పూర్తిగా రాస్తాం. అది చాలదన్నట్టు, బోర్డింగ్ పాస్ బార్‌కోడ్‌లో పేరుకు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 20 స్థానాలే ఉంటాయి. మా ఇంటిపేరుకు ఇంగ్లిష్‌లో తొమ్మిది అక్షరాలు, తర్వాత ఒక గీత, ఆ పైన అమ్మ పేరు VENKATASUBBALAKSHMI, అంటే పందొమ్మిది. మొత్తం 29. అందులో చివరి తొమ్మిది అక్షరాలు తెగిపోయి, బార్‌కోడ్‌లో ఆమె పేరు VENKATASUB దగ్గరే ముగిసింది. ఆధార్‌లో పూర్తి పేరు, ముందు ఒక్క పొడి అక్షరం. యంత్రం దృష్టిలో వీరిద్దరూ వేర్వేరు మనుషులు. టికెట్ తప్పు కాదు, ఆధార్ తప్పూ కాదు. రెండు పొడవాటి పేర్లు కలిపి పెట్టుకునే అలవాటున్న ప్రాంతంలో ఇలాంటివారు ఎందరుంటారో మీకు నేను చెప్పనక్కర లేదు.

అయినా చూద్దామని విమానాశ్రయానికి వెళితే, గేటు దగ్గర ఎర్ర గుర్తు ఒక్కటే వెలిగింది, కారణం చెప్పలేదు. ముఖం సరిపోలలేదా, బోర్డింగ్ పాస్ విమానాశ్రయానికి చేరలేదా, పేరులో తేడానా? మూడింటికీ మందు వేరు. మొదటిదైతే కళ్లజోడు తీసి మళ్లీ నిలబడాలి, రెండవదైతే యాప్‌లో మళ్లీ పంపాలి, మూడవదైతే ఎన్నిసార్లు నిలబడ్డా ప్రయోజనం లేదు, గుర్తింపు కార్డు పట్టుకుని మామూలు వరుసకు వెళ్లాలి. ఈ తేడాను తెర మీద తెలుగులో ఒక్క వాక్యంలో చూపించలేరా? ఆమె మామూలు వరుసలో చివరి నుంచి మొదలుపెట్టారు. విమానం అందింది, అది వేరే సంగతి.

ముఖం సరిపోలడమన్నది అవును, కాదు అన్నంత తేలిక విషయం కాదని మీ అధికారులకు తెలుసు. యంత్రం రెండు ఫోటోల మధ్య పోలికకు ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె ఎంత దాటితే గేటు తెరవాలో మనుషులే నిర్ణయిస్తారు. హద్దు పెంచితే అసలు మనిషినే ఆపేయడం ఎక్కువవుతుంది, తగ్గిస్తే వేరొకరిని వదిలేసే ప్రమాదం పెరుగుతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019లో 189 సాఫ్ట్‌వేర్లను పరీక్షించి, ఒకరిని మరొకరిగా పొరబడటం స్త్రీలలోను, వృద్ధులు, పిల్లలలోను ఎక్కువని తేల్చింది. మన గేట్లు ఎందరు అసలు ప్రయాణికులను ఆపుతున్నాయో, వారిలో వయసు పైబడినవారు ఎందరో విమానాశ్రయం వారీగా ప్రతి మూడు నెలలకూ ప్రకటించండి. ఆగిపోయినవారిని మామూలు వరుసలో చివరికి పంపకుండా, గేటు పక్కనే ఒక సిబ్బందిని పెట్టి కార్డు చూసి పంపమనండి.

ఇక సమ్మతి. డిజియాత్ర ఐచ్ఛికమని ప్రభుత్వం చాలాసార్లు చెప్పింది. కానీ ద్వారం దగ్గర సిబ్బంది బోర్డింగ్ పాస్ తీసుకుని, ఎందుకో చెప్పకుండా కెమెరా వైపు చూడమనడం నేను చూశాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి, ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చినా, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు తీరేదాకా ఆగనక్కర లేదు. డిజియాత్ర ఫౌండేషన్‌లో విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు 26 శాతం వాటా ఉంది, ఆ సంస్థ మీ శాఖ కిందిదే కనుక, ద్వారం దగ్గర ముందుగా విషయం చెప్పి సమ్మతి అడగాలని మీరు చెప్పగలరు.

ముఖం వివరాలను బయలుదేరిన 24 గంటల్లో చెరిపేస్తారన్నది ప్రయాణికులకు చెప్పే మాట. అయితే డిజియాత్ర విధాన పత్రంలోనే, భద్రతా అవసరాన్ని బట్టి ఆ గడువును మార్చుకునే వీలు ఉండాలని, భద్రతా సంస్థలకు వివరాలు ఇవ్వవచ్చునని కూడా ఉంది. ఆ వీలును ఎన్నిసార్లు వాడారో, ఎవరి ఉత్తర్వుతో వాడారో, పేర్లు లేకుండా సంఖ్యలైనా ఏటా పార్లమెంటు ముందు పెట్టాలని కోరుతున్నాను.

విదేశాలకు వెళ్లేవారికి వేరే గేట్లున్నాయి. 2024 జూన్‌లో ఢిల్లీలో, 2025 జనవరిలో హైదరాబాద్‌తో సహా మరో ఏడు చోట్ల మొదలైన ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ పథకం హోం శాఖది, మీది కాదు. కానీ ఆ గేటు ముందు నిలబడేది అదే ప్రయాణికుడు, అదే విమానాశ్రయంలో. భారత పౌరులు, ఓసీఐ కార్డు ఉన్నవారు ftittp.mha.gov.in లో దరఖాస్తు చేసి, ఆమోదం వచ్చాక వేలిముద్రలు, ముఖం వివరాలు ఇవ్వాలి. ఆ నమోదు ఐదేళ్లు గానీ పాస్‌పోర్టు గడువు తీరేదాకా గానీ, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. ఒక గేటు దగ్గర 24 గంటలు, ఇంకో గేటు దగ్గర ఏళ్లు. కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లే తల్లి ఈ రెండూ ఒకటే అనుకుంటుంది. నమోదు గడువు తీరాక ఆ వేలిముద్రలు ఏమవుతాయో, మధ్యలో వద్దనుకుంటే చెరిపించుకునే దారి ఏమిటో దరఖాస్తు పేజీలోనే తెలుగుతో సహా భారతీయ భాషల్లో రాయించమని హోం శాఖను మీరు కోరవలసిందిగా మనవి.

పేరు తెగిపోయే సమస్యకు మాత్రం ఎవరినీ అడగనక్కర లేదు. బార్‌కోడ్‌లోని పేరు 20 స్థానాల దగ్గర ఆగిందని యాప్ గుర్తించినప్పుడు, ఉన్నంత భాగాన్నే ఆధార్‌తో పోల్చి, ఇంటిపేరు పొడి అక్షరాన్ని పూర్తి ఇంటిపేరుకు సమానంగా తీసుకుంటే సరిపోతుంది. అమ్మ వచ్చే సంక్రాంతికి తిరిగి వస్తారు. అప్పటికి ఈ ఒక్కటైనా జరిగేలా చూడగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక విమాన ప్రయాణికుడు