‘పెద్ద అంగలు వేయి’ అనే ముందు

తల్లిదండ్రులకు నమస్కారం.

6, 7, 8 తరగతుల పరుగు సాధనలో మా వ్యాయామ ఉపాధ్యాయులు ఇప్పుడు ఫోన్ వీడియో వాడుతున్నారు. మీలో కొందరు ఇంటి దగ్గర కూడా తీస్తామని అడిగారు. తీసే పద్ధతి కుదరకపోతే వీడియో తప్పు చెబుతుంది. అందుకే ఈసారి ఉత్తరమంతా దీని మీదే.

ఆటల పోటీల రోజు గట్టు మీద నిలబడ్డ పెద్దలందరూ అరిచే మాట ఒకటుంది: ‘పెద్ద అంగలు వేయి!’ పిల్లలు ఆ మాట వింటారు, అదే చిక్కు. అంగ పెంచాలని కాలును ముందుకు చాచి, మోకాలు దాదాపు నిటారుగా ఉంచి, మడమ మీద దిగుతారు. పాదం నడుముకు బాగా ముందు పడితే నేల ఒంటిని వెనక్కి నెడుతుంది. అంటే ప్రతి అడుగులోనూ కొంచెం బ్రేకు పడుతుందన్నమాట. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో దాదాపు 41 అడుగుల్లో ముగించిన మాట నిజమే. అయితే అతని అంగ అంత పొడవుగా రావడానికి కారణం నేలను తోసిన బలం, దానికి తోడు అతని ఎత్తు. కాలు చాచడం కాదు.

ఈ తప్పు మామూలుగా చూస్తే కంటికి చిక్కదు. కొత్తగా పరుగెత్తే పిల్లల పాదం నేల మీద ఉండేది సెకనులో ఏడో ఎనిమిదో వంతు. మామూలు వీడియో సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. సెకనుకు 6 మీటర్ల వేగంతో పోయే పిల్లవాడు రెండు ఫ్రేముల మధ్య 20 సెంటీమీటర్లు జరిగిపోతాడు, పాదం నేలను తాకిన క్షణం ఆ రెంటి మధ్య జారిపోతుంది. అదే స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీస్తే ఫ్రేముకు రెండున్నర సెంటీమీటర్లే. 120 ఫ్రేములున్న ఫోనైనా పనికొస్తుంది. మీ ఫోను నిజంగా ఎన్ని తీస్తోందో తెలియాలంటే, ఇంకో ఫోనులో నడుస్తున్న స్టాప్‌వాచ్‌ను తీసి, అందులో ఒక సెకను గడవడానికి ఎన్ని ఫ్రేములు పట్టాయో లెక్కపెట్టండి. కంప్యూటర్‌లో VLC ప్లేయర్ తెరిచి E నొక్కుతూ పోతే ఒక్కో ఫ్రేమే కదులుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: స్లో మోషన్‌కు వెలుతురు బాగా కావాలి. సాయంత్రం ఆరింటికి తీస్తే పాదం మసకగా ఒక మరకలా కనిపిస్తుంది.

ఫోను ఎక్కడ పెడతామన్నది అన్నిటికన్నా ముఖ్యం. పరుగు మొదలైన చోటి నుంచి 25 మీటర్ల దగ్గర, లేనుకు సరిగ్గా పక్కన 8 మీటర్ల దూరంలో, పిల్లల నడుం ఎత్తున స్టాండు మీద అడ్డంగా పెడతాం. స్టాండు లేకపోతే స్టూలు మీద రెండు ఇటుకల మధ్య పెట్టినా నిలుస్తుంది. మొదటి పది మీటర్లు తీసి లాభం లేదు. అక్కడ ఒళ్లు ముందుకు వంగి ఉంటుంది కాబట్టి పాదం ఎలాగూ నడుము కిందో వెనకో పడుతుంది. ఫోనును పరుగుతో పాటు తిప్పకూడదు, జూమ్ చేయకూడదు, 0.5x లెన్స్ అసలే వద్దు, అది అంచుల్లో ఆకారాలను సాగదీస్తుంది. ఇలా పెడితే నాలుగైదు అడుగులు ఫ్రేములోకి వస్తాయి. వాటిలో ఫోనుకు ఎదురుగా, మధ్యలో పడినదాన్నే నమ్మాలి. అంచుల్లో పడినవాటిని ఏటవాలుగా చూస్తున్నాం కాబట్టి దూరం సరిగా తెలియదు. గమ్యం గీత దగ్గర నిలబడి ఎదురుగా తీసిన వీడియోలో ఈ దూరం అసలు కనిపించదు, జ్ఞాపకానికి మాత్రం బాగుంటుంది. చొక్కా లోపలికి దోపుకోమని, తుంటి ఎముక మీద రంగు స్టిక్కరు అంటించుకోమని పిల్లలకు చెబుతాం. వదులు టీషర్టు ఉంటే నడుము ఎక్కడుందో ఊహించుకోవాల్సి వస్తుంది.

ఇక చూడటం. పాదం నేలను మొదట తాకిన ఫ్రేము దగ్గర ఆపి, స్టిక్కరు నుంచి కిందికి నిలువుగా ఒక స్కేలు ఆనిస్తాం. పాదం ఆ గీతకు కాస్త ముందు పడటం తప్పు కాదు, పూర్తి వేగంలో ఎవరికైనా అంతే. మోకాలి కింది ఎముక దాదాపు నిలువుగా ఉందా, లేక పాదం మోకాలిని దాటి ముందుకు పోయిందా అన్నదే మేం చూసేది.

ఉదాహరణకు, ఏడో తరగతి అమ్మాయి ఒకరు పరుగెత్తిందనుకుందాం. మట్టి మీద బూటు గుర్తుల మధ్య కొలిస్తే ఒక్కో అడుగు 1.70 మీటర్లు. సెకనుకు 240 ఫ్రేముల వీడియోలో ఒక పాదం తాకినప్పటి నుంచి రెండో పాదం తాకేదాకా 74 ఫ్రేములు, అంటే 0.308 సెకన్లు. వేగం సెకనుకు సుమారు 5.5 మీటర్లు. పాదం మోకాలికి బాగా ముందు పడుతోంది. ఇప్పుడు 15 మీటర్ల దాకా మామూలుగా పరుగెత్తనిచ్చి, ఆ తర్వాత 1.55 మీటర్ల ఎడంతో పది సున్నం గీతలు గీస్తాం, గీతల మధ్య అడుగు వేయమంటాం. కొన్ని వారాల సాధన తర్వాత గీతల్లేకుండా తీస్తే, అడుగు 1.55 మీటర్లు, 66 ఫ్రేములు వచ్చాయనుకోండి. వేగం 5.6 దాటింది. అంగ చిన్నదైంది, పరుగు పెరిగింది. ఫ్రేములు తగ్గకుండా అడుగు మాత్రమే చిన్నదైతే మనం చెప్పింది పిల్ల వేరేగా అర్థం చేసుకుందన్నమాట: మోకాళ్లు ఎత్తకుండా, నడుము దించి చిట్టి అడుగులు వేస్తోంది. అప్పుడు గీతల ఎడం పెంచాలి.

వీడియోను పిల్లల చేతికిచ్చి ‘చూసుకో’ అంటే పని జరగదు. వీడియో ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను 1976లో రోత్‌స్టెయిన్, ఆర్నల్డ్ సమీక్షించారు. కొత్తవాళ్లకు ఎక్కడ చూడాలో చెప్పాలన్నది అందులో తేలిన ముఖ్యమైన మాట. చెప్పకపోతే పిల్లలు తమ జుట్టునో పక్క లేను పిల్లాడినో చూస్తారు. అందుకే ముందు ‘పాదం ఎక్కడ పడిందనిపించింది?’ అని అడుగుతాం. జవాబు వచ్చాకే ఒకసారి మామూలు వేగంలో, ఒకసారి ఆపిన ఫ్రేములో చూపిస్తాం. తర్వాత చెప్పేది ఒక్క మాటే: ‘నేలను కిందికి, వెనక్కి తోయి.’ చేతులు, తల, భుజాల గురించి ఆ రోజు ఎత్తం. ప్రతి పరుగుకూ చూపించం, మూడింటిలో ఒకటి చాలు. అన్నీ చూపిస్తే పిల్లలు తమ కాలికి తెలిసేదాన్ని వదిలేసి తెర కోసం ఎదురుచూస్తారు. దీనికి అదనపు సమయం కూడా పట్టదు. పూర్తి వేగంతో 40 మీటర్లు పరుగెత్తాక ఎలాగూ నాలుగు నిమిషాల విశ్రాంతి ఇవ్వాలి, చూడటం అందులోనే అయిపోతుంది. రోజుకు నాలుగైదు పరుగులకు మించవు.

వీడియోలు పాఠశాల ఫోనులోనే ఉంటాయి, వారం చివర తుడిచేస్తాం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. సమ్మతి పత్రం డైరీలో పంపుతున్నాం. సంతకం చేయకపోయినా మీ పిల్లల సాధన ఆగదు, వారికి బూటు గుర్తులు కొలిచి చెబుతాం. తరగతి వాట్సాప్ గ్రూపులో మాత్రం ఏ వీడియో పెట్టం, దయచేసి మీరూ పెట్టకండి. ఇతరుల పిల్లలు కూడా అందులో ఉంటారు. మీ పిల్లల వీడియో మీరు తీసి మా ఉపాధ్యాయులకు చూపించాలనుకుంటే వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, కుదించడంలో పాదం మసకబారుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా శనివారం ఉదయం ఏడున్నరకు మైదానానికి ఫోను తీసుకురండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు