సెల్ఫీ కెమెరా అంటే మెగాపిక్సెళ్లేనా?

సంపాదకులకు,

పండుగ ఆఫర్ల సందర్భంగా ‘వీడియో కాల్స్‌కి మంచి ఫోన్లు’ అంటూ మీరు వేసిన పట్టిక చూసి పది రోజులు దాటింది. కోపం తగ్గుతుందేమోనని ఆగాను, తగ్గలేదు. అందులో సెల్ఫీ కెమెరా గురించి రాసింది ఒక్కటే: 16, 32, 50 మెగాపిక్సెళ్లు. పెద్ద అంకె ఉన్నదాన్ని పైన పెట్టారు. వీడియో కాల్‌లో 1080పి నాణ్యతతో బొమ్మ వెళ్లినా అది రెండు మెగాపిక్సెళ్లే. మామూలుగా వెళ్లేది అంతకంటే తక్కువ. మిగతా 48 ఎవరి కోసమో రాయాల్సింది.

మా తమ్ముడికి పుట్టినప్పటి నుంచి వినపడదు. మా ఇంట్లో వీడియో కాల్ అంటే ముఖాలు చూసుకోవడం కాదు, మాట్లాడుకోవడం. సైగలు చేయడానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి ఫోన్ బల్ల మీద నిలబెట్టి ఒక మీటరు దూరంలో కూర్చుంటాడు. తల నుంచి నడుము దాకా, రెండు మోచేతులతో సహా తెరలో పడాలి. మూల నుంచి మూలకి 80 డిగ్రీల కోణం చూసే కెమెరాతో నిలువుగా ఫొటో తీస్తే ఆ దూరంలో సుమారు మీటరు వెడల్పు వస్తుంది. అదే ఫోన్ వీడియోకి వచ్చేసరికి పక్కలు కత్తిరించి 75 సెంటీమీటర్లు మిగులుస్తుంది. మోచేతులు చాపగానే చేతులు తెర దాటిపోతాయి, వాక్యం సగంలో తెగుతుంది. 90 డిగ్రీలుంటే వీడియోలోనూ 90 సెంటీమీటర్ల దాకా పడుతుంది. ఈ కోణం మీ పట్టికలో లేదు. దుకాణంలో అడిగితే ‘వైడ్ యాంగిలే మేడమ్’ అన్నారు, ఎన్ని డిగ్రీలో చెప్పినవాళ్లు లేరు.

రెండోది సెన్సర్, అంటే లెన్స్ వెనక వెలుతురును పట్టే చిప్. సాయంత్రం ఒక్క ట్యూబ్‌లైట్ కింద చిన్న సెన్సర్‌కి వెలుతురు చాలదు. అప్పుడు చాలా ఫోన్లు సెకనుకి 30 ఫ్రేములు తీయడం మాని 15కి దిగిపోతాయి, ఒక్కో ఫ్రేమును ఎక్కువసేపు తీస్తాయి. కదలని ముఖం బాగానే కనిపిస్తుంది, వేళ్లు మాత్రం అలుక్కుపోతాయి. మన దేశపు సంకేత భాషలో అక్షరాలు రెండు చేతుల వేళ్లతో చూపిస్తారు. వేళ్లు అలుక్కుపోతే ఊరి పేరూ తెలియదు, మందు పేరూ తెలియదు. దుకాణంలో పట్టపగల్లాంటి లైట్ల కింద ఈ తేడా బయటపడదు.

సరే, పెద్ద సెన్సర్ ఉన్న ఫోనే కొందామంటే అక్కడ మరో మెలిక. మన బడ్జెట్ ఫోన్లలో సెల్ఫీ కెమెరా ఎక్కువగా ఫిక్స్‌డ్ ఫోకస్‌తో వస్తుంది. లెన్స్ కదలదు. చెయ్యి చాచినంత దూరానికి ఒకసారి బిగించేస్తారు, అంతే. సెన్సర్ పెద్దదయ్యేకొద్దీ స్పష్టంగా కనిపించే దూరాల హద్దు కుంచించుకుపోతుంది కాబట్టి దూరాన్ని బట్టి లెన్స్ తానే సర్దుకునే ఆటోఫోకస్ అవసరం ఇంకా పెరుగుతుంది. మొన్న తమ్ముడు డాక్టరుతో కాల్‌లో ఉండి మాత్రల స్ట్రిప్‌ను కెమెరాకి జానెడు దూరంలో పెట్టాడు. వెండి మెరుపు తప్ప ఒక్క అక్షరం కనిపించలేదు. వెనుక కెమెరాకి మారొచ్చు కదా అంటారు. మారితే డాక్టరుకి స్ట్రిప్ కనిపిస్తుంది కానీ తమ్ముడి చేతులు కనిపించవు. అతని మాటే ఆగిపోతుంది.

అసలు మెగాపిక్సెల్ అంకె ఈ విషయం చెప్పనే చెప్పదు. 2023లో వచ్చిన గూగుల్ ఫోన్లు పిక్సెల్ 8, 8 ప్రో రెండింటిలోనూ సెల్ఫీ కెమెరా 10.5 మెగాపిక్సెళ్లే. మొదటిదానిలో ఫిక్స్‌డ్ ఫోకస్, ప్రోలో ఆటోఫోకస్. ఐఫోన్‌కే ముందు కెమెరాలో ఆటోఫోకస్ 2022లో, 14తో వచ్చింది. అంత ధర పెట్టలేనివాళ్లు ఏం చూసి కొనాలి?

అధికారుల సంగతి చెప్పక తప్పదు. ఫోన్ వెదజల్లే రేడియేషన్ లెక్క కొనేవాడికి తెలియాలని నిబంధన ఉంది, *#07# నొక్కితే తెర మీదే వస్తుంది. ఫ్రిజ్‌కి నక్షత్రాలు అంటించాలి. సెల్ఫీ కెమెరా లెన్స్ కదులుతుందో లేదో, ఎంత వెడల్పు చూస్తుందో పెట్టె మీద రెండు ముక్కలు అచ్చు వేయించడానికి మాత్రం ఎవరికీ తీరిక లేదు. వికలాంగుల దినోత్సవం నాడు వేదికలెక్కే పెద్దలు ఈ ఒక్క పని చేయించవచ్చు.

ఈలోగా కొనబోయేవాళ్లు దుకాణంలో ఫోన్‌ను బల్ల మీద నిలబెట్టి, మీ ఫోన్‌కే వీడియో కాల్ పెట్టమనండి. మీటరు వెనక్కి జరిగి మోచేతులు చాపి చూడండి. తర్వాత ఏదైనా చిన్న అక్షరాల కాగితాన్ని జానెడు దూరానికి తెచ్చి రెండు సెకన్లు ఆగండి. ఆటోఫోకస్ ఉంటే బొమ్మ ఒకసారి అటూ ఇటూ ఊగి అక్షరాలు తేరుకుంటాయి. లేకపోతే ఎంతసేపు పట్టుకున్నా మసకే. స్పెసిఫికేషన్లలో ‘ఎఫ్ఎఫ్’ అని ఉంటే ఫిక్స్‌డ్ ఫోకస్ అని అర్థం. సంక్రాంతికి మీరు మళ్లీ పట్టిక వేస్తారు కాబట్టి అందులో ఫోకస్ రకం, కోణం, సెన్సర్ సైజు అనే మూడు గడులు చేర్చండి. చోటు చాలకపోతే మెగాపిక్సెళ్ల గడి తీసేయండి.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం