రెండు భాషల పుస్తకంలో ఆ పిల్లాడి భాష ఏది?

సంపాదకులు గారికి,

మన బడి పుస్తకాల్లో ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు అచ్చవుతున్నాయి. పుట్టు చెవుడున్న పిల్లాడికి ఆ రెండూ ఒకటే, ఎన్నడూ వినని భాషలే. నేను చిత్తూరు దగ్గర ఒక పల్లె బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నా తరగతిలో అలాంటి పిల్లాడొకడు రెండేళ్లు కూర్చున్నాడు. వాడి విషయంలో నేను పొరబడిన తీరు చెప్పాలనే ఈ ఉత్తరం.

వాడి చేతిరాత ముత్యాలే. బోర్డు మీద ఏం రాసినా ఒత్తులు, దీర్ఘాలు పోకుండా నోట్‌బుక్‌లోకి దించేవాడు. చూసినవాళ్లంతా మెచ్చుకునేవాళ్లు, నేనూ మురిసిపోయేవాణ్ణి. ఒకరోజు ఎందుకో అనుమానం వచ్చి రెండు చీటీలు రాసిచ్చాను. ఒకదాని మీద ‘రవి లతకు పండు ఇచ్చాడు’, ఇంకోదాని మీద ‘రవికి లత పండు ఇచ్చింది’. బొమ్మలు వేయమని సైగ చేశాను. రెండింటికీ ఒకే బొమ్మ వేశాడు: రవి చేతిలో పండు, ఎదురుగా చేయి చాపిన లత. రవి, లత, పండు, ఇవ్వడం, ఈ నాలుగూ వాడికి తెలుసు. కు, కి మాత్రం వాడి కంటికి ఆనలేదు.

వినే పిల్లాడు బడికి రాకముందే ‘అమ్మకు ఇయ్యి’, ‘అమ్మను పిలువు’, ‘అమ్మతో పో’ అని లెక్కలేనన్నిసార్లు విని ఉంటాడు. నిజానికి మేం బడిలో వాడికి తెలుగు నేర్పం, వచ్చిన తెలుగుకు అక్షరాలు నేర్పుతాం. వీడికి ఆ వచ్చిన భాషే లేదు. పెదాలు చూసి పట్టుకుంటాడులే అంటారు. ఒకసారి అద్దం ముందు నిలబడి, గొంతు బయటికి రాకుండా పాట, బాట, మాట అనండి. పెదాలు మూడుసార్లూ ఒకేలా కదులుతాయి. క, గ అయితే నోటి వెనక పుడతాయి, బయటికి కనిపించనే కనిపించవు.

తర్వాత వాడు టౌనులో బధిర స్నేహితుల దగ్గర సైగల భాష నేర్చుకున్నాడు. రిటైరయ్యాక నేను వాడి దగ్గరే కూర్చుని కొంత నేర్చుకున్నాను. ఆ భాషలో రవిని ఒకవైపు, లతను ఇంకోవైపు గాలిలో నిలబెడతారు. ‘ఇవ్వు’ అనే సైగ ఇచ్చేవాళ్ల దగ్గర మొదలై పుచ్చుకునేవాళ్ల దగ్గర ఆగుతుంది. మన ‘కు’ చేసే పని అక్కడ చెయ్యి కదిలే దిక్కు చేస్తుంది. ఇన్నేళ్లు తెలుగు వ్యాకరణం చెప్పినవాణ్ణి, సైగలకు వ్యాకరణం ఉంటుందని నాకు తట్టలేదు.

ద్విభాషా బోధన అంటే సైగల భాషనూ, రాసిన తెలుగునూ కలపడమే. మొదట పుస్తకం మూసి కథంతా సైగల్లో చెప్పాలి. ఎవరు ఎవరికి ఇచ్చారని సైగల్లోనే అడిగి, జవాబు వచ్చాకే పుస్తకం తెరవాలి. అప్పుడు ‘లతకు’ కింద వేలు పెట్టి, చెయ్యి లత వైపు వెళ్లి ఆగడాన్ని మళ్లీ చూపాలి. తర్వాత ఆ ‘కు’ను చెరిపి రవి పక్కన ‘కి’ రాసి, ‘ఇచ్చాడు’ను ‘ఇచ్చింది’గా మారిస్తే, పిల్లాడు తనంతట తాను చెయ్యిని వెనక్కి తిప్పాలి. తిప్పాడా, చదివినట్టు. లేదంటే చూసి దించుతున్నట్టే. చాలామంది మాట్లాడుతూనే సైగలూ చేస్తారు. అలా చేస్తే చెయ్యి ముఖ్యమైన మాటలే చూపించి కు, ను, తో వదిలేస్తుంది, పిల్లాడికి రెండు భాషలూ విరిగిన ముక్కలుగా అందుతాయి.

సైగలు నేర్పితే మాటలు రావని తల్లిదండ్రుల భయం. 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ కూడా సైగలను పక్కనపెట్టాలనే తీర్మానించింది. 2010లో వాంకూవర్‌లో జరిగిన అదే కోవ మహాసభ ఆ తీర్మానాలను తోసిపుచ్చి విచారం తెలిపింది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం సైగల భాష తెలిసిన టీచర్లను పెట్టమంటోంది. పాఠాలను భారతీయ సంజ్ఞా భాషలో వీడియోలుగా తెచ్చేందుకు 2020లో ఎన్‌సీఈఆర్‌టీ ఒప్పందం చేసుకుంది. మంచిదే. కానీ తెలుగు వాక్యంలోని ‘కు’ను చేతి కదలికతో జతకలిపే పని ఢిల్లీలో జరగదు, ఇక్కడే జరగాలి.

తిరుపతిలో టీటీడీ బధిర పాఠశాల ఉంది. అక్కడికి చేరని పిల్లలు పల్లె బళ్లలో ఒక్కొక్కరుగా ఉండిపోతున్నారు. మండలంలోని అలాంటి పిల్లలను, మూడేళ్ల వాళ్లతో సహా, వారానికి కొన్ని రోజులైనా, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో ఒకచోట చేర్చాలి. సైగల భాష బాగా వచ్చిన బధిరుణ్ణి ఒకరిని జీతమిచ్చి అక్కడ పెట్టాలి, తల్లులనూ కూర్చోబెట్టాలి. రెండు వందల సైగలు బట్టీపట్టిన టీచరు పండు, నీళ్లు అని చూపగలడేమో గానీ కథ చెప్పలేడు. అందుకే బధిరుడే కావాలంటున్నాను.

పోయిన నెల మా వాడు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు: ‘సార్ నేను డబ్బు అన్న ఇచ్చు’. వాడు అన్నకు ఇచ్చాడా, అన్నే వాడికి ఇచ్చాడా అర్థం కాలేదు. వీడియో కాల్ చేశాను. చెయ్యి అన్న వైపు నుంచి తన గుండె దగ్గరికి వచ్చి ఆగింది.

– ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, చిత్తూరు