నిలువు గీతకు ముందే పడిపోయే గ్రాఫ్

సంపాదకుడి గారికి,

ఆర్థిక వార్తల పక్కన వచ్చే లైన్ గ్రాఫ్‌లలో గీత ఉన్నట్టుండి పాతాళానికి పడిపోయినచోట ఒక చుక్కల నిలువు గీత గీసి, పక్కన ఒక సంఘటన పేరు రాసి, చుట్టూ బూడిదరంగు పట్టీ వేయడం ఇప్పుడు మామూలైంది. మంచి పద్ధతే. అయితే ఆ గీత ఎక్కడ నిలబడుతుంది, ఆ పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అనే రెండు విషయాల్లో జరిగే పొరపాటు కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేస్తుంది.

అమెరికాలో 2020 నాటి ఉద్యోగాల లెక్కనే తీసుకోండి. వ్యవసాయేతర ఉద్యోగాలు ఫిబ్రవరిలో సుమారు 15.2 కోట్లు, మార్చిలో 15.1 కోట్లు, ఏప్రిల్‌లో 13 కోట్లు. కొవిడ్ వల్ల అక్కడ జాతీయ అత్యవసర పరిస్థితిని ప్రకటించింది మార్చి 13న. నెలవారీ లెక్కలు డౌన్‌లోడ్ చేసుకుంటే ప్రతి నెలకూ 1వ తేదీ వేసి ఉంటుంది. వాటిని అలాగే గ్రాఫ్‌లో పెడితే మార్చి చుక్క మార్చి 1 మీద, ఏప్రిల్ చుక్క ఏప్రిల్ 1 మీద పడతాయి. రెండింటినీ సాఫ్ట్‌వేర్ ఒక వాలు గీతతో కలిపేస్తుంది. ఇప్పుడు మార్చి 13న నిలువు గీత గీస్తే, అది ఆ వాలును నడిమధ్యలో కోస్తుంది. అప్పటికే సుమారు 80 లక్షల ఉద్యోగాలు పోయినట్టు కంటికి కనిపిస్తుంది. చూసినవాడు ‘ప్రకటనకు ముందే కూలిపోయింది కదా’ అనుకుంటే తప్పు అతనిది కాదు.

నిజానికి ఈ ఉద్యోగాల సర్వే లెక్కించేది ప్రతి నెలా 12వ తేదీ ఏ జీతపు కాలంలో పడుతుందో ఆ కాలంలోని ఉద్యోగాలను. ఆ కాలంలో ఒక్కరోజుకు జీతం అందినా ఉద్యోగంలో ఉన్నట్టే లెక్క. అందుకే మార్చి అంకెలో తగ్గుదల కొద్దిగానే ఉంది, అసలు దెబ్బంతా ఏప్రిల్ అంకెలో బయటపడింది. కాబట్టి చుక్కలను 1వ తేదీ మీద కాకుండా 12 మీద పెట్టాలి. అలా పెడితే వాలు మార్చి 12న మొదలవుతుంది, నిలువు గీత దాని అంచునే నిలుస్తుంది. వాలు గీతతోపాటు నెలవారీ చుక్కలు కూడా కనిపించేలా ఉంచాలి. మధ్యలో ఉన్నది కొలిచింది కాదు, కలిపింది మాత్రమేనని అప్పుడే తెలుస్తుంది.

సంఘటనను కారణంగా చూపే ముందు ఇంకో పరీక్ష ఉంది: అదే విషయం మీద వారం వారం వచ్చే లెక్క చూడటం. మార్చి 14తో ముగిసిన వారంలో నిరుద్యోగ భృతికి వచ్చిన కొత్త దరఖాస్తులు 3 లక్షలలోపే. తర్వాతి వారం, అప్పట్లో ప్రకటించిన లెక్క ప్రకారం, సుమారు 33 లక్షలు. నిలువు గీతకు ఇది సాక్ష్యం. ఇలాంటిది దొరకనప్పుడు ‘ఈ కారణంగా’ అని కాకుండా సంఘటన పేరు, తేదీ మాత్రమే రాయడం నిజాయితీ.

కొలత సంగతి కూడా చూడాలి. ఐదేళ్ల గ్రాఫ్‌ను 120 మిల్లీమీటర్ల వెడల్పులో అచ్చువేస్తే నెలకు 2 మిల్లీమీటర్లు వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్న మార్చి 11కీ, మార్చి 13కీ వేర్వేరు గీతలు గీస్తే అవి ఒకదాని మీద ఒకటి పడి మరకలా కనిపిస్తాయి. అక్కడ ఒకే గీత, ఒకే పేరు చాలు. అదే వెడల్పులో ఏడాది గ్రాఫ్ వేస్తే నెలకు 10 మిల్లీమీటర్లు. పైన చెప్పిన 1, 12 తేదీల తేడా బయటపడేది ఇక్కడే, దాదాపు 4 మిల్లీమీటర్లుగా.

ఇక బూడిద పట్టీ. గీత పడిపోయినంత మేరా పట్టీ వేసి దానికి ‘సంక్షోభం’ అని పేరు పెట్టడం గుండ్రంగా తిరిగే వాదన. పట్టీ హద్దులు ఆ గీత నుంచి కాక బయటి నుంచి రావాలి. అమెరికా విషయంలో మాంద్యం తేదీలను నిర్ణయించేది నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ రీసెర్చ్. దాని ప్రకారం ఈ మాంద్యం 2020 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు, రెండు నెలలే. ఆ పట్టీ శిఖరం నుంచి అడుగు వరకు పడిపోయిన కాలాన్ని చెబుతుంది, కష్టకాలం అంతటినీ కాదు. ఉద్యోగాలు పాత స్థాయిని అందుకున్నది 2022లో. ఈ ముక్క పట్టీలోనే రాయకపోతే, పట్టీ దాటగానే అంతా బాగుపడిందని పాఠకుడు చదువుకుంటాడు.

పైగా ఆ అడుగు తేదీని సంస్థ ప్రకటించింది 2021 జూలై 19న. అంతకుముందు వేసే గ్రాఫ్‌లో పట్టీకి కుడి అంచు గీయడానికి ఆధారమే లేదు. అప్పుడు రంగును క్రమంగా పలచబడేలా వదిలేసి ‘ముగింపు తేలలేదు’ అని రాయాలి. పట్టీ ఎప్పుడూ గీతకు వెనకే, గీత స్పష్టంగా కనిపించేంత లేతగా ఉండాలి. మన పత్రికల్లో అది తరచూ గీత కన్నా ముదురుగా వస్తోంది.

గ్రాఫ్ కింద ‘ఆధారం’ అని సంస్థ పేరు రాసే చోటే, చుక్కలు ఏ తేదీవో, పట్టీ హద్దులు ఎవరు నిర్ణయించినవో ఒక్క వరుసలో రాయించమని మీ గ్రాఫిక్ విభాగాన్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు