మూడుసార్లు మూసేసిన లో వోల్టేజీ ఫిర్యాదు: డివిజనల్ ఇంజినీర్‌ గారికి లేఖ

తేదీ: 2 జూన్ 2025

గౌరవనీయులైన డివిజనల్ ఇంజినీర్ (ఆపరేషన్) గారికి,

విషయం: ఏప్రిల్ 6 నుంచి పరిష్కారం కాని లో వోల్టేజీ సమస్య, 1912 హెల్ప్‌లైన్ నంబరుకు మూడు ఫిర్యాదులు, ఏఈ గారికి ఒక లేఖ, జూన్ 17 లోపు పని జరగకపోతే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు వెళ్లడం గురించి.

అయ్యా,

మాది గృహావసరాల సింగిల్ ఫేజ్ సర్వీసు. సర్వీసు నంబరు, ఫోన్ నంబరు జతచేసిన బిల్లు నకలుపై ఉన్నాయి. మా వీధికి కరెంటు 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తుంది. ఆ లైనులో మా ఇల్లు పద్నాలుగో స్తంభం దగ్గర, అంటే దాదాపు చివర ఉంది. సాయంత్రం ఏడు దాటితే ఫ్యాను గాలి ముఖానికి తగలదు. మోటారు మూలుగుతుంది కానీ నీళ్లు పైకెక్కవు. ఇన్వర్టర్ అయితే కరెంటు ఉండగానే, లేదనుకుని బ్యాటరీ మీదకు వెళ్లిపోతుంది.

మొదటిసారి ఏప్రిల్ 6న రాత్రి 1912కి ఫోన్ చేశాను. లైన్‌మన్ మర్నాడు ఉదయం పదకొండు గంటలకు వచ్చి మీటరు దగ్గర కొలిస్తే 226 వోల్టులు చూపించింది. 'బాగానే ఉంది కదండీ' అని వెళ్లిపోయారు. మధ్యాహ్నానికల్లా సమస్య పరిష్కారమైందని నాకు మెసేజ్ వచ్చింది. ఏప్రిల్ 14న మళ్లీ చేశాను. ఈసారి 'ఫ్యూజు మార్చాం' అని రాసి మూసేశారు. మా ఇంట్లోగానీ స్తంభం మీదగానీ ఏ ఫ్యూజూ పోలేదు. ఏప్రిల్ 27న మూడోసారి చేసినప్పుడు రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య వచ్చి చూడమని గట్టిగా చెప్పాను. 'వినియోగదారుడు అందుబాటులో లేరు' అని మూసేశారు. ఆ రోజంతా నేను ఇంట్లోనే ఉన్నాను, ఫోనూ నా చేతిలోనే ఉంది. మూడు ఫిర్యాదుల నంబర్లు, మూసివేత మెసేజ్‌లు జతచేస్తున్నాను. ఫోనెత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, ఆమె మీద నాకు కోపం లేదు. కానీ రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చే జబ్బును పగలు పదకొండుకు నాడి పట్టి చూసి, రోగం లేదని రాసేస్తే ఎలాగండీ?

మూడోసారి స్టెబిలైజర్ కొనుక్కోమనే సలహా కూడా వచ్చింది. అది మందు కాదని మీకు నాకంటే బాగా తెలుసు. స్టెబిలైజర్ వోల్టేజీని పెంచాలంటే అదే తీగ నుంచి ఇంకాస్త ఎక్కువ కరెంటు లాగాలి. నేను కొంటే పక్కింటివారికి వోల్టేజీ మరింత పడుతుంది, వాళ్లు కొంటే ఆ వెనకాల ఇంటికి. మా వీధిలో ఇప్పటికే ఆరిళ్లలో కొన్నారు.

అందుకే మే నెల మొదటి పది రోజులూ నేనే మల్టీమీటరుతో కొలిచి పుస్తకంలో రాసుకున్నాను. ఇంటి వైరింగు లోపం అని ఎవరూ అనకుండా, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత మీటరుకు ముందు, సర్వీసు తీగ చేరే చోటే కొలిపించాను. మధ్యాహ్నం రెండింటికి సుమారు 228 వోల్టులు ఉంటుంది. రాత్రి ఎనిమిదిన్నరకు 182కి పడిపోతుంది. పదకొండూ ముప్పావుకల్లా మళ్లీ 219కి చేరుతుంది. 230 వోల్టులకు ఆరు శాతం అటూ ఇటూ అంటే 216 నుంచి 244 వరకు ఉండాలి. మేము రోజూ నాలుగైదు గంటలు ఆ గీతకు చాలా కింద బతుకుతున్నాం.

న్యూట్రల్ తెగిందేమోనని మొదట నాకూ అనుమానం వచ్చింది. న్యూట్రల్ పోతే ఒక ఇంట్లో వోల్టేజీ పడిపోతున్నప్పుడే ఇంకో ఇంట్లో 260, 280 దాకా లేచి బల్బులు మాడిపోతాయి. ఇక్కడ అలా లేదు. ఎదురింటివారిది వేరే ఫేజు. మా ఇంట్లో 182 ఉన్న అదే నిమిషంలో వాళ్లింట్లో 224 ఉంది. ఏ ఇంట్లోనూ 235 దాటలేదు. మాతో ఒకే ఫేజు మీద ఉన్న ఇళ్లన్నీ కలిసి పడుతున్నాయి, ఏసీలు ఆగాక కలిసి లేస్తున్నాయి. ఇది ఒక ఫేజు మీదే బరువు పడుతున్న లక్షణం.

మే 5న ఏఈ గారి కార్యాలయంలో లేఖ ఇచ్చి, నకలు మీద స్టాంపు, తేదీ వేయించుకున్నాను. దాని ఫలితంగా మే 9న రాత్రి లైన్‌మన్, సచివాలయం ఎనర్జీ అసిస్టెంటు కలిసి వచ్చారు. ఇది మాత్రం చెప్పి తీరాలి, ఆ ఇద్దరూ నిజాయతీగా పని చేశారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, తీగలో పారే కరెంటును కొలిచే టాంగ్ టెస్టర్ పెట్టి చూస్తే మా ఫేజు మీద 112 ఆంపియర్లు, మిగిలిన రెండింటి మీద 48, 61 ఉన్నట్టు తేలింది. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజుకు మోయగలిగింది సుమారు 84 ఆంపియర్లు. కారణం కూడా వాళ్లే చెప్పారు. రెండేళ్లలో వచ్చిన కొత్త ఇళ్ల సర్వీసులన్నీ చేతికి అందిన ఆ ఒక్క తీగకే తగిలించారట.

మర్నాడు ఏఈ గారిని కలిస్తే, '100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎస్టిమేట్ పంపాం, శాంక్షన్ రావాలి, టైం పడుతుంది' అన్నారు. మన మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

పైన చెప్పిన మూడు అంకెలు కూడితే 221 ఆంపియర్లు. మూడు ఫేజులకూ సమానంగా పంచితే ఒక్కోదాని మీద 74 దాకా వస్తుంది. అంటే ఇప్పుడున్న ట్రాన్స్‌ఫార్మరే సరిపోతుంది. కొత్తది అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. కావాల్సిందల్లా ఒక పూట ఎల్‌సీ తీసుకుని, అంటే లైనులో కరెంటు ఆపించి, కొన్ని సర్వీసులను మా ఫేజు నుంచి విప్పి మిగిలిన రెండింటికి మార్చడం. దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఒక ఫేజు మీదే బరువు ఉన్నప్పుడు ఆ కరెంటు న్యూట్రల్ గుండా తిరిగి వస్తూ అక్కడ కూడా వోల్టేజీని తినేస్తుంది. సమానం చేస్తే న్యూట్రల్‌లో ఆ నష్టం దాదాపు పోతుంది. పద్నాలుగు స్తంభాల దూరం కాబట్టి, మార్చాక కూడా చివరి ఇళ్లలో 216కి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. అది మార్చి కొలిస్తేనే తెలుస్తుంది. అప్పటికీ చాలకపోతే ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చూడండి, నాకు అభ్యంతరం లేదు.

ఈ తేడా గడువుకు సంబంధించింది కూడా. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2004లో తెచ్చిన సేవా ప్రమాణాల నిబంధనల్లో, లైన్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ పెంచనక్కర్లేని వోల్టేజీ సమస్యకు పది రోజులు, పెంచాల్సినదానికి 120 రోజులు గడువు ఉంది. ఎస్టిమేట్ పేరుతో మా సమస్యను 120 రోజుల ఖాతాలో వేస్తున్నారు. మీ సిబ్బంది తీసిన రీడింగుల ప్రకారం ఇది పది రోజుల ఖాతాలోది. మొదటి ఫిర్యాదు నుంచి లెక్కేస్తే ఆ పది రోజులు ఏప్రిల్ 16తో అయిపోయాయి.

కాబట్టి మీరు చేయించాల్సినవి ఇవి. మొదటిది, సర్వీసులను మూడు ఫేజుల మీద సర్దించడం. రెండోది, ఆ తర్వాత మా ఇంటి దగ్గర కనీసం మూడు రోజులు వోల్టేజీ రికార్డరు పెట్టించడం. రాత్రి ఏడు నుంచి పదకొండు వరకు ఏముందో అందులో పడాలి, పగటి రీడింగు నాకు వద్దు. మే 9 నాటి ఆంపియర్ల రీడింగు నాకు నోటిమాటగా మాత్రమే తెలుసు. దాన్ని రికార్డులో పెట్టించి ఒక నకలు ఇప్పించండి. మూసేసిన మూడు ఫిర్యాదుల్లో ఆ కారణాలు ఎవరు, దేని ఆధారంగా రాశారో కూడా రాతపూర్వకంగా తెలియజేయండి.

జూన్ 17 దాకా ఎదురుచూస్తాను. అప్పటికీ పని జరగకపోతే, విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 42(5) కింద మీ సంస్థలోనే ఏర్పాటైన వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికలో, అందరూ సీజీఆర్‌ఎఫ్ అనే దాంట్లో, 18న ఫిర్యాదు వేస్తాను. అక్కడ ఫీజు కట్టనక్కర్లేదు, వకీలు లేకుండా నేనే మాట్లాడుకోవచ్చు. వేదిక మొదట అడిగేది, ముందు సంస్థకు చెప్పుకున్నావా అనే. ఫిర్యాదుల నంబర్లు, ఏఈ కార్యాలయం స్టాంపు, ఈ లేఖ అక్నాలెడ్జిమెంటు అన్నీ అందుకే జాగ్రత్త చేశాను. నా పిటిషన్ నకలు సమాధానం కోసం మీకే వస్తుంది. ఎందుకు మార్చలేదో అప్పుడు మీరు రాతలో చెప్పాల్సి వస్తుంది. ఆ రాత కంటే ఆ ఒక పూట పని తేలికని నా అభిప్రాయం.

వేదికను నేను అడగబోయేది కూడా ముందే చెబుతున్నాను. ఫేజులు సర్దాలన్న ఆదేశం, రికార్డరు రీడింగులు, గడువు దాటినందుకు సెక్షన్ 57 కింద సేవా ప్రమాణాల్లో ఉన్న పరిహారం, ఇంతే. పరిహారం నిర్ణయమయ్యాక 90 రోజుల్లో చెల్లించాలని అదే సెక్షన్ చెబుతోంది. ఏప్రిల్‌లో మా ఫ్రిజ్ కంప్రెసర్ పోయింది. మెకానిక్ 'లో వోల్టేజీ వల్లే అయ్యుంటుంది' అన్నాడు. అయ్యుంటుంది అన్నదాన్ని నేను రుజువు చేయలేను, అది పాత ఫ్రిజ్ కూడా. కాబట్టి దాని డబ్బులు అడగడం లేదు. అడిగితే వాదన అంతా ఫ్రిజ్ చుట్టూ తిరిగి, తీగల సంగతి పక్కకు పోతుంది. ఇదే విషయం మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లలేదు. వేరేచోట కేసు నడుస్తుంటే మన వేదిక దాన్ని తీసుకోదు. వేదిక ఆదేశంతోనూ తీరకపోతే సెక్షన్ 42(6) కింద విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. అంతదూరం పోవాలని నాకు లేదు.

సర్వీసులు మార్చే రోజు ముందుగా ఒక్క మాట చెప్పిస్తే చాలు. మా వీధివాళ్లందరికీ నేనే చెబుతాను. కరెంటు తీసినా ఎవరూ ఫోన్లు చేయకుండా చూసుకుంటాను. నిచ్చెన వేయడానికి అడ్డుగా ఉన్న వేపకొమ్మలు కొట్టించడానికి ఆ ఇంటాయన ఇప్పటికే ఒప్పుకున్నారు.

ఇట్లు,
మీ గృహ వినియోగదారుడు
(సంతకం)

జతచేసినవి: కరెంటు బిల్లు నకలు, 1912 ఫిర్యాదుల నంబర్లు, మూసివేత మెసేజ్‌లు, ఏఈ కార్యాలయం స్టాంపు ఉన్న మే 5 నాటి లేఖ నకలు, ఎలక్ట్రీషియన్ సంతకం ఉన్న పది రోజుల వోల్టేజీ రీడింగుల పట్టిక, ఇదే ఫేజు మీద ఉన్న పదకొండు ఇళ్లవారి సంతకాలు.

నకలు: సూపరింటెండింగ్ ఇంజినీర్ (ఆపరేషన్) గారికి, రిజిస్టర్డ్ పోస్టులో.