సంఘం వార్షిక నివేదిక: దొంగ బ్యాంకు కాల్స్, ఓటీపీ చెప్పేశాక మొదటి గంట

గౌరవ సభ్యులకు నమస్కారం.

బోరు మరమ్మతు, లిఫ్టు కాంట్రాక్టు, మెయింటెనెన్స్ బకాయిల లెక్కలన్నీ కోశాధికారి గారి పత్రంలో ఉన్నాయి. సర్వసభ్య సమావేశంలో వాటిని ఆయనే చదువుతారు. గేటు కెమెరాలు మార్చాం, పనిచేస్తున్నాయి. ఈ ఏడాది కమిటీ సమయం ఎక్కువగా తిన్నది వేరే పని కాబట్టి, ఈ నివేదికలో మిగతాదంతా దాని గురించే. బ్యాంకు పేరుతో వచ్చే దొంగ ఫోన్లు, మెసేజీలు మన కాలనీలో చాలా ఇళ్లకు వచ్చాయి. ఒక ఇంట్లో డబ్బు పోయింది. ఆ సభ్యురాలు రిటైర్డ్ టీచర్. పేరు, ఫ్లాట్ నంబరు రాయకుండా, జరిగింది జరిగినట్టు అందరికీ చెప్పమని ఆవిడే కమిటీని కోరారు.

మొదట ఆవిడకు ఒక ఎస్సెమ్మెస్ వచ్చింది. పాన్ అప్‌డేట్ చేయకపోతే ఈ రోజే నెట్ బ్యాంకింగ్ ఆగిపోతుందని, కింద ఒక లింకు. లింకు తెరిస్తే అచ్చం బ్యాంకు పేజీలాగే ఉంది. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టారు. "వివరాలు నమోదయ్యాయి, ధన్యవాదాలు" అని వచ్చింది. డబ్బేమీ కదల్లేదు కాబట్టి ఆవిడ దాన్ని మర్చిపోయారు కూడా.

మర్నాడు పొద్దున పదకొండు దాటాక ఖాతాలోంచి రూ. 2,00,000 డెబిట్ అయినట్టు బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. ఇది నిజం మెసేజే. నిమిషం కూడా గడవకముందే ఫోన్ మోగింది. "మేడమ్, బ్యాంకు ఫ్రాడ్ విభాగం నుంచి మాట్లాడుతున్నాను. మీ ఖాతాలోంచి ఇప్పుడే రెండు లక్షలు పోయాయి, చూశారా? ఎవరో దొంగిలిస్తున్నారు. ఆపాలంటే మీకొక నంబరు వస్తుంది, వెంటనే చెప్పండి." ఖాతాలో డబ్బు తగ్గడం కళ్లారా కనిపిస్తోంది. అవతలివాడు ఆ మొత్తాన్ని సరిగ్గా చెబుతున్నాడు. ఎవరు నమ్మరు? ఆవిడ ఆరంకెలూ చదివి చెప్పారు.

ఆ రెండు లక్షలు నిజానికి ఎక్కడికీ పోలేదు. పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లినవాడు ఆవిడ పేరు మీదే ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాడు. చాలా బ్యాంకుల్లో సొంత పేరున డిపాజిట్ వేసుకోవడానికి ఓటీపీ అడగరు. డబ్బు బయటికి పంపాలంటేనే అడ్డం వస్తుంది. సేవింగ్స్ ఖాతాలో మొత్తం తగ్గుతుంది, డెబిట్ మెసేజ్ వస్తుంది, మనిషి హడలిపోతాడు. ఆ కంగారులో ఓటీపీ రాబట్టడమే వాడి అసలు పని. ఇలాంటి కాల్ వస్తే పెట్టేసి, మీ యాప్‌లో డిపాజిట్ల పేజీ తెరిచి చూడండి. ఆ రోజు తేదీతో కొత్త డిపాజిట్ కనిపిస్తే డబ్బు ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు. అయితే మీ పాస్‌వర్డ్ మాత్రం వేరేవాడి చేతిలో ఉంది.

ఆవిడ చెప్పిన ఓటీపీ దేనికో ఆ మెసేజ్‌లోనే రాసి ఉంది: కొత్త ఫోన్‌లో మొబైల్ బ్యాంకింగ్ యాప్ యాక్టివేట్ చేయడానికి. అంకెలు మొదట కనబడ్డాయి, వాక్యం తర్వాత ఉంది. అవతల ఒకడు తొందరపెడుతుంటే వాక్యం ఎవరు చదువుతారు? కానీ ఓటీపీలన్నీ ఒకటి కాదు. కార్డు కొనుగోలుకు వచ్చే ఓటీపీలో ఫలానా వ్యాపారికి ఇన్ని రూపాయలు అని ఉంటుంది. అది చెబితే ఆ ఒక్క మొత్తం పోతుంది. యాప్ యాక్టివేషన్‌కో, పాస్‌వర్డ్ మార్చడానికో వచ్చింది చెబితే ఖాతా తాళంచెవే ఇచ్చేసినట్టు. ఆ తర్వాత వాడికి మీ ఫోన్‌తో పనిలేదు, మళ్లీ మిమ్మల్ని ఓటీపీ అడగడు. అందుకే పొరపాటున చెప్పేశాక ఆ మెసేజ్‌ని చెరిపేయకండి. మరోసారి నిదానంగా చదవండి. బ్యాంకులో ఏమేం మూయించాలో అదే చెబుతుంది.

తర్వాతి పది నిమిషాల్లో రూ. 50,000, రూ. 40,000 రెండు సార్లుగా వెళ్లిపోయాయి. రెండో మెసేజ్ చూసి ఆవిడ పక్క ఫ్లాట్ తలుపు తట్టారు. ఆ ఇంటివారు చేసిన మంచి పని, కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతక్కపోవడం. అలా వెతికితే దొంగలు పెట్టిన నంబర్లే పైన కనిపించిన సందర్భాలు చాలా ఉన్నాయి. డెబిట్ కార్డు వెనక ముద్రించిన నంబరుకే చేశారు. 11.48కి బ్యాంకు ఫిర్యాదు నంబరు ఇచ్చింది.

అయితే అక్కడ ఒక లోపం జరిగింది. "కార్డు బ్లాక్ చేయండి" అని అడిగారు, వాళ్లు కార్డు బ్లాక్ చేశారు. డబ్బు కార్డు మీద పోవడం లేదు, యాప్ మీద పోతోంది. 11.56కి మరో రూ. 20,000 వెళ్లింది. మళ్లీ ఫోన్ చేస్తే గానీ యాప్, నెట్ బ్యాంకింగ్ ఆపలేదు. మీరు ఫోన్ చేసినప్పుడు నెట్ బ్యాంకింగ్, మొబైల్ యాప్, యూపీఐ, కార్డు అన్నీ ఆపమని విడివిడిగా పేర్లు పెట్టి అడగండి. కొత్తగా నమోదైన ఫోన్‌ని తీసేయమనండి. ఖాతాలోంచి డబ్బు బయటికి పోయే దారి ఏదీ తెరిచి లేదని వాళ్ల నోటితో చెప్పించుకోండి.

12.05కి 1930కి చేశారు. ఇది దేశమంతటికీ ఒకటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్. పోలీసులనూ బ్యాంకులనూ ఒకే వ్యవస్థలో కలిపి 2021లో ఏర్పాటు చేశారు. అప్పట్లో దీని నంబరు వేరు, తర్వాత 1930 అయింది. పాత కరపత్రాల్లో ఉన్న నంబరును పట్టించుకోకండి. వాళ్లు అడిగినవి: ఖాతా నంబరు, ఏ బ్యాంకు, ఒక్కో లావాదేవీ రిఫరెన్స్ నంబరు, సమయం, మొత్తం, ఫోన్ చేసినవాడి నంబరు. ఇవి చెప్పగానే డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళుతుంది. ఆ ఖాతాలో ఇంకా ఉంటే అక్కడే హోల్డ్‌లో పెడతారు, ఇంకో ఖాతాకు దాటి ఉంటే ఆ బ్యాంకుకు పంపుతారు. డబ్బు ఏటీఎంలోంచి నోట్లుగా బయటికొచ్చాక ఈ వెంటాడటం ఆగిపోతుంది. నిమిషాలకు విలువ అందుకే. ఫోన్‌తో పని అయిపోదు. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ నంబరుతో 24 గంటల్లోపు cybercrime.gov.in లో పూర్తి ఫిర్యాదు నమోదు చేయాలి. స్క్రీన్‌షాట్లు, దొంగ మెసేజ్, కాల్ లాగ్ అన్నీ అక్కడికి కావాలి. భయంతో ఫోన్‌ని ఫార్మాట్ చేసేస్తే సాక్ష్యం కూడా పోతుంది.

మొత్తం పోయింది రూ. 1,10,000. మొదటి రెండు లావాదేవీల్లో రూ. 58,000 హోల్డ్‌లో చిక్కింది, రూ. 32,000 అప్పటికే ఏటీఎంలో తీసేశారు. హోల్డ్‌లో ఉన్నది దానంతటదే తిరిగిరాలేదు, కోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చింది. తెలంగాణలో ఇలాంటి కేసుల్ని లోక్ అదాలత్‌లో పెట్టి డబ్బు ఇప్పిస్తున్నారు. ఆవిడకూ అలాగే నెలల తర్వాత ఆ రూ. 58,000 ఖాతాలో పడింది. డిపాజిట్‌లోని రెండు లక్షలు శాఖకు వెళ్లి రద్దు చేయించుకున్నారు.

11.56కి పోయిన రూ. 20,000 కథ వేరు. "ఓటీపీ మీరే చెప్పారు కదా, బ్యాంకుకు బాధ్యత లేదు" అన్నారు శాఖలో. ఈ మాట సగమే నిజం. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల, అంటే పాస్‌వర్డ్, ఓటీపీ లాంటివి చెప్పడం వల్ల, డబ్బు పోతే బ్యాంకుకు తెలియజేసేంత వరకు నష్టం ఖాతాదారుదే. తెలియజేసిన తర్వాత జరిగిన నష్టం బ్యాంకుదే. 11.48కి ఫిర్యాదు నంబరు ఇచ్చారు, 11.56కి డబ్బు పోయింది. ఆ ఎనిమిది నిమిషాల తేడాను కాగితం మీద పెట్టి, మెసేజీలు జతచేసి కమిటీ తరఫున ఉత్తరం రాసిచ్చాం. బ్యాంకు ఆ రూ. 20,000 జమ చేసింది. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. ఇక్కడ ఆ అవసరం రాలేదు. ఏటీఎంలో పోయిన రూ. 32,000 మాత్రం ఇప్పటికీ రాలేదు. వస్తుందని ఆశపెట్టడం కమిటీకి ఇష్టం లేదు.

ఈ ఫిర్యాదు నడుస్తుండగానే ఆవిడకు ఇంకో ఫోన్ వచ్చింది. "సైబర్ సెల్ నుంచి, మీ డబ్బు దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు కడితే వస్తుంది" అని. ఒకసారి మోసపోయినవారి నంబర్లను ఇలా మళ్లీ వాడుకుంటారు. పోయిన డబ్బు తిరిగి ఇవ్వడానికి పోలీసులు గానీ కోర్టు గానీ ఫోన్‌లో ఫీజు అడగరు.

దొంగ మెసేజ్‌ని గుర్తుపట్టడం గురించి జరిపిన సమావేశంలో వచ్చిన ప్రశ్నలకు ఇక్కడ కొంచెం వివరంగా. బ్యాంకు ఎస్సెమ్మెస్ పది అంకెల మొబైల్ నంబరు నుంచి రాదు. అక్షరాల పేరుతో వస్తుంది, ఇప్పుడు ఆ పేరు చివర -S లేదా -T ఉంటుంది, ప్రకటనలైతే -P. టీచర్ గారికి వచ్చింది మామూలు మొబైల్ నంబరు నుంచే. లింకు విషయానికొస్తే, రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో మన బ్యాంకుల వెబ్‌సైట్లు .bank.in కి మారాయి. దొంగలు ఆ అక్షరాలను కూడా ఎక్కడో ఒకచోట ఇరికిస్తారు కాబట్టి, https:// తర్వాత వచ్చే మొదటి గీత / కు సరిగ్గా ముందు ఏముందో చూడాలి. అక్కడ .bank.in ఉంటేనే బ్యాంకు, గీత తర్వాత ఉంటే అది వేషం. సర్వీసు కాల్స్‌కు బ్యాంకులకు 1600తో మొదలయ్యే నంబర్లు ఇచ్చారు. అయినా తెర మీద కనిపించే నంబరును చూసి నమ్మమని కమిటీ చెప్పదు, ఎందుకంటే నంబరును మార్చి చూపించడం వాళ్లకు చేతనవును. పెట్టేసి, కార్డు వెనక నంబరుకు మనమే చేస్తే ఆ లెక్కలేవీ అక్కర్లేదు.

ఓటీపీ చెప్పినా డబ్బు పోనివాళ్లు ఇద్దరు ముగ్గురు సమావేశం అయ్యాక పక్కకు పిలిచి చెప్పారు. ఏమీ జరగలేదు కదా అని ఊరుకున్నారట. అది యాప్ నమోదు ఓటీపీ అయితే జీతమో పెన్షనో పడే రోజు దాకా వాడు కూర్చుని ఉండొచ్చు. వారి చేత పాస్‌వర్డ్‌లు మార్పించి, ఖాతాకు నమోదైన ఫోన్ల జాబితా బ్యాంకులో చూపించాం.

ఇలా పక్కకు పిలిచి చెప్పాల్సిన అవసరం ఎందుకొచ్చిందో కూడా రాయాలి. టీచర్ గారి సంగతి తెలిసిన రోజు మన వాట్సాప్ గ్రూపులో "చదువుకున్నవాళ్లు కూడా ఇలా..." అంటూ కొన్ని మాటలు వచ్చాయి. అడ్మిన్ వాటిని తీసేశారు. అలాంటి మాటల వల్లే జనం ఇంట్లో వాళ్లకు కూడా చెప్పకుండా గంటలు పోగొట్టుకుంటున్నారని కమిటీ అభిప్రాయం.

వచ్చే ఏడాదికి ఒక ప్రతిపాదన సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాం. ప్రతి బ్లాకులో ఇద్దరు సభ్యుల పేర్లు లిఫ్టు పక్కన బోర్డు మీద 1930 నంబరుతో పాటు రాస్తాం. ఎవరికైనా ఇలాంటిది జరిగితే వేళాపాళా చూడకుండా వాళ్ల తలుపు కొట్టొచ్చు. వాళ్లు పక్కన కూర్చుని ఫోన్లు చేయిస్తారు, సమయాలు కాగితం మీద రాస్తారు. మీ పాస్‌వర్డ్, పిన్, ఓటీపీ మాత్రం వాళ్లు కూడా అడగరు, అడిగితే కమిటీకి చెప్పండి. రెండు బ్లాకుల నుంచి పేర్లు వచ్చాయి, మిగతా వారు సమావేశం రోజు కార్యదర్శికి ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి, కమిటీ తరఫున